పైకి పొంగిన ఒకటి తిరిగి ఒకట్ల స్థానానికి

17,664. 84. 41,394. 16,384. 16,385. 49,320. 266. 49,320. 532. వరసగా తొమ్మిది సంఖ్యలు. వీటిని కూడితే 1,91,349 వస్తుంది. కాగితం, పెన్సిలు ఉంటే అయిదో తరగతి పిల్లలైనా చేయగల కూడిక ఇది. ఇంటర్నెట్‌లో ప్రయాణించే ప్రతి పాతతరం ప్యాకెట్ తలభాగానికీ దారి పొడవునా ఉన్న యంత్రాలు ఇలాంటి కూడికే చేసి, సరుకు చెడిందో లేదో చూస్తాయి. తేడా ఒక్కచోటే ఉంది. బడిలో నేర్పే కూడికలో ఎడమవైపు పొంగిన అంకె కొత్త స్థానంలో కూర్చుంటుంది. ఇక్కడ మాత్రం దాన్ని వెనక్కి తెచ్చి కుడి చివర, ఒకట్ల స్థానంలో కలుపుతారు.

ఈ సంఖ్యలు ఎక్కడివో ముందు చూద్దాం. 192.168.1.10 అనే చిరునామా ఉన్న కంప్యూటరు 192.168.2.20 అనే కంప్యూటరుకు ‘పింగ్’ పంపిందనుకుందాం. ఆ ప్యాకెట్ ముందుభాగంలో ఇరవై బైట్ల హెడర్ ఉంటుంది. ఒక్కో బైట్ 0 నుంచి 255 వరకు ఏదో ఒక విలువ. రెండేసి బైట్లను జతచేస్తే పదహారు బిట్ల ‘వర్డ్’ అవుతుంది. దాని విలువ కట్టడం తేలిక: మొదటి బైట్‌ను 256తో గుణించి రెండోదాన్ని కలపాలి. 192.168 అంటే 192 × 256 + 168, అంటే 49,320. 1.10 అంటే 266. 2.20 అంటే 532. పంపేవారి చిరునామా, అందుకునేవారి చిరునామా ఇలా నాలుగు వర్డులయ్యాయి.

మిగతావి కూడా హెడర్‌లోని సంగతులే. 17,664లో ఇది ఐపీ నాలుగో వెర్షన్ అనే సమాచారం, హెడర్ పొడవు ఉన్నాయి. 84 మొత్తం ప్యాకెట్ పొడవు, బైట్లలో. 41,394 ప్యాకెట్ గుర్తింపు సంఖ్య. 16,384 అంటే ‘దీన్ని ముక్కలు చేయవద్దు’ అన్న సూచన. 16,385లో రెండు విషయాలున్నాయి: ఈ ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటవచ్చో చెప్పే 64, లోపల ఉన్నది పింగ్ తరహా సందేశమని చెప్పే 1. పదో వర్డ్ చెక్‌సమ్ కోసం కేటాయించిన ఖాళీ. లెక్క కట్టేటప్పుడు అందులో సున్నా ఉంచుతారు.

పదహారు బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 65,535. మన మొత్తం 1,91,349 అందులో పట్టదు. 65,536 చొప్పున తీసేస్తూ పోతే రెండుసార్లు తీయవచ్చు, 60,277 మిగులుతుంది. ఆ ‘రెండుసార్లు’ అన్నదే పైకి పొంగిన క్యారీ. దాన్ని పారేయకుండా కిందికి తెచ్చి కలిపితే 60,279. ఇప్పుడు దీన్ని 65,535లోంచి తీసేస్తే 5,256. బిట్ల భాషలో ఈ తీసివేత అంటే ప్రతి సున్నానూ ఒకటిగా, ప్రతి ఒకటినీ సున్నాగా మార్చడమే. ఈ 5,256 చెక్‌సమ్. పంపే కంప్యూటరు దాన్ని ఖాళీ గడిలో రాసి ప్యాకెట్‌ను వదులుతుంది.

అందుకున్న యంత్రం ఏది ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. చెక్‌సమ్‌తో సహా పది వర్డులనూ అదే పద్ధతిలో కూడుతుంది. 60,279కి 5,256 కలిస్తే 65,535, అంటే పదహారు బిట్లూ ఒకట్లే. అలా వస్తే హెడర్ బాగున్నట్టు లెక్క. రాకపోతే ప్యాకెట్‌ను అక్కడికక్కడే పారేస్తుంది. ఎక్కడ చెడిందో కనిపెట్టే ప్రయత్నం గానీ, బాగుచేసే ప్రయత్నం గానీ ఉండదు. పంపినవారికి సమాచారమూ వెళ్లదు. మళ్లీ పంపించుకునే బాధ్యత టీసీపీ లాంటి పై పొరలది.

ప్రోగ్రాములో ఆ క్యారీని వెనక్కి తెచ్చే పని రెండే వరసలు:

```c
while (sum >> 16)
    sum = (sum & 0xFFFF) + (sum >> 16);
```

ముప్ఫై రెండు బిట్ల గడిలో వర్డులన్నీ కూడుకుంటూ పోయి, చివర్లో పై సగాన్ని కింది సగానికి కలపడమే ఇది. మడిచినప్పుడు మళ్లీ పొంగు రావచ్చు. అందుకే while.

ఈ లెక్క భారతీయ గణితానికి కొత్తేమీ కాదు. పెద్ద గుణకారం సరిగా వచ్చిందో లేదో తేల్చుకోవడానికి అంకెలన్నీ కూడి, వచ్చినదాని అంకెలు మళ్లీ కూడి, ఒక్క అంకె మిగిలేదాకా చేసే పద్ధతి పాత తరం లెక్కల మాస్టార్లకు కొట్టినపిండి. తొమ్మిదితో భాగిస్తే వచ్చే శేషంతో సరిచూడటం అంటే అదే. పదో శతాబ్దికి చెందిన రెండవ ఆర్యభటుడి ‘మహాసిద్ధాంతం’లో ఈ సరిచూపు ఉంది. పదుల లెక్కలో పొంగిన ఒకటిని తిరిగి ఒకట్లలో కలపడమంటే పది తీసి ఒకటి చేర్చడం. అంటే మొత్తం మీద తొమ్మిది తీసేయడం. ఇంటర్నెట్ చెక్‌సమ్‌లో 65,536 తీసి ఒకటి చేరుస్తారు, అంటే 65,535 తీసేస్తారు. ఒకచోట నవశేషం, మరోచోట 65,535తో శేషం. గణితం ఒక్కటే. దీని బలమూ బలహీనతా రెండూ ఆ పాత పద్ధతి నుంచి వచ్చినవే.

అయితే పొంగినదాన్ని వదిలేస్తే నష్టమేమిటి? చాలా ప్రాసెసర్లు మామూలు కూడికలో దాన్ని వదిలేస్తాయి కూడా. నష్టం ఎక్కడుందో మన ఉదాహరణలోనే చూడవచ్చు. 84లోనూ, 266లోనూ అన్నిటికంటే పై బిట్ ఏదో లోపం వల్ల సున్నా నుంచి ఒకటిగా మారిందనుకోండి. ఆ బిట్ విలువ 32,768. కాబట్టి 84 కాస్తా 32,852 అవుతుంది, 266 కాస్తా 33,034 అవుతుంది. మొత్తం సరిగ్గా 65,536 పెరుగుతుంది. పొంగును పారేసే కూడికలో ఆ 65,536 మొత్తానికి మొత్తం గాలిలో కలిసిపోతుంది. రెండు వర్డులు ఘోరంగా చెడినా ఫలితం మారదు. పొంగును తిరిగి కలిపే కూడికలో మాత్రం 60,279 బదులు 60,280 వస్తుంది. తప్పు పట్టుబడుతుంది.

మరోలా చెప్పాలంటే, మామూలు కూడికలో ఎడమ చివరి బిట్టు అనాథ. దాని పొంగు వెళ్లడానికి చోటు లేదు. పొంగును చుట్టూ తిప్పితే పదహారు స్థానాలూ ఒక వలయమవుతాయి. ఏ స్థానంలో పొంగినా అది పక్క స్థానంలోకి చేరుతుంది. ఒక్క బిట్ చెడితే, అది ఎక్కడున్నా, ఈ చెక్‌సమ్ తప్పక పడుతుంది. వరసగా పదిహేను బిట్ల నిడివి లోపల ఎన్ని చెడినా పడుతుంది.

వలయం వల్ల రెండో లాభం ఇంకా ముచ్చటైనది. బైట్లను దాచుకునే తీరులో కంప్యూటర్లు రెండు రకాలు. కొన్ని పెద్ద బైట్‌ను ముందు ఉంచుతాయి, ఇంటెల్ ప్రాసెసర్ల లాంటివి చిన్నదాన్ని ముందు ఉంచుతాయి. రెండో రకం యంత్రం 192, 168 అన్న జతను 49,320గా కాక, 168 × 256 + 192 లెక్కన 43,200గా చదువుతుంది. మరి చెక్‌సమ్ తప్పిపోదా? చూద్దాం. 49,320కి 41,394 కలిపి పొంగును తిప్పితే 25,179. దీని బైట్లు 98, 91. ఇప్పుడు రెండిటినీ తిరగేసి కూడదాం. 43,200కి 45,729 కలిపి పొంగును తిప్పితే 23,394. దీని బైట్లు 91, 98. జవాబు కూడా బుద్ధిగా తిరగబడి వచ్చింది. దాన్ని తన పద్ధతిలోనే తిరిగి ప్యాకెట్‌లో రాస్తే బైట్లు సరైన వరసలోనే పడతాయి. కింది బైట్ పొంగు పై బైట్‌లోకి, పై బైట్ పొంగు కింది బైట్‌లోకి వెళుతుంది కాబట్టే ఇలా సాగుతుంది. అందువల్ల ఏ రకం యంత్రమైనా ప్రతి వర్డునూ తిరగేసుకోవాల్సిన పని లేకుండా కూడుకుంటూ పోవచ్చు.

ఈ గుణాలన్నిటినీ ఒకచోట చేర్చి, వేగంగా లెక్కించే ఉపాయాలతో వివరించిన పత్రం RFC 1071. రాబర్ట్ బ్రేడెన్, డేవిడ్ బోర్మన్, క్రెయిగ్ పార్ట్రిడ్జ్ 1988 సెప్టెంబరులో రాశారు. అసలు పద్ధతి అంతకుముందే ఖాయమైంది. 1981 సెప్టెంబరు నాటి ఐపీ నిర్దేశం RFC 791 ఈ చెక్‌సమ్‌ను వివరిస్తూనే, ఇది తేలిగ్గా లెక్కించదగినదనీ, ప్రయోగాల్లో సరిపోతుందని తేలిందనీ, అయినా ఇది తాత్కాలికమేననీ, అనుభవాన్ని బట్టి సీఆర్‌సీ అనే గట్టి పద్ధతితో మార్చవచ్చనీ చెప్పింది. ఆ మార్పు జరగలేదు. ఐపీ నాలుగో వెర్షన్ హెడర్‌లో నేటికీ ఉన్నది ఆ తాత్కాలిక కూడికే.

మార్చకపోవడానికి బలమైన కారణం రౌటర్ల పనిలో కనిపిస్తుంది. ప్యాకెట్ ఒక రౌటర్ దాటిన ప్రతిసారీ ఆ 64 అన్న సంఖ్య 63 అవుతుంది, తర్వాత 62 అవుతుంది. సున్నా అయితే ప్యాకెట్ దారి తప్పి తిరుగుతోందని భావించి పారేస్తారు. సంఖ్య మారితే హెడర్ మారినట్టే, చెక్‌సమ్ కూడా మారాలి. మళ్లీ పది వర్డులూ కూడాలా? అక్కర్లేదు. 16,385 అన్న వర్డు 16,129 అయింది, అంటే 256 తగ్గింది. మొత్తం 256 తగ్గితే దాని పూరకం 256 పెరుగుతుంది. పాత చెక్‌సమ్ 5,256. కొత్తది 5,512. ఒక్క కూడికతో పని ముగుస్తుంది.

అంత సులువైన సవరణలోనూ ఒక మెలిక దాగి ఉంది. ఈ వలయపు అంకగణితంలో సున్నాకు రెండు రూపాలున్నాయి: పదహారు సున్నాలు ఒకటి, పదహారు ఒకట్లు రెండోది. 65,535తో భాగిస్తే రెండిటి శేషమూ సున్నాయే. 1990లో వచ్చిన RFC 1141 ఇచ్చిన సవరణ సూత్రం, కొన్ని అరుదైన సందర్భాల్లో చెక్‌సమ్ 0 రావలసినచోట 65,535 ఇచ్చేది. అందుకునే యంత్రం అన్నీ కలిపి కూడి చూస్తే ఇబ్బంది లేదు. తనే చెక్‌సమ్ లెక్కించి, వచ్చిన ప్యాకెట్‌లోని దానితో పోల్చే యంత్రం మాత్రం మంచి ప్యాకెట్‌ను చెడిందని పారేస్తుంది. 1994 మేలో RFC 1624 ఈ సూత్రాన్ని సరిదిద్దింది.

అదే రెండు సున్నాల విచిత్రం మరోచోట ఉపయోగపడింది. యూడీపీ అనే తేలికపాటి ప్రొటోకాల్‌లో, ఐపీ నాలుగో వెర్షన్ మీద నడిచేటప్పుడు, చెక్‌సమ్ ఐచ్ఛికం. గడిలో 0 ఉంటే ‘లెక్కించలేదు’ అని అర్థం. మరి నిజంగా లెక్కిస్తేనే 0 వస్తే? అప్పుడు 65,535 రాస్తారు. లెక్కలో రెండూ ఒకటే కాబట్టి సరిచూపు చెడదు.

ఇక బలహీనత సంగతి. నవశేషంతో సరిచూసే గుమాస్తాకు ఒక తప్పు ఎప్పటికీ దొరకదు: 54 అని రాయాల్సినచోట 45 అని రాయడం. అంకెల మొత్తం మారదు మరి. ఇంటర్నెట్ చెక్‌సమ్‌కు కూడా సరిగ్గా అదే గుడ్డితనం ఉంది. వర్డులు తారుమారైనా మొత్తం మారదు. మన ఉదాహరణలో పంపినవారి చిరునామా, అందుకోవాల్సినవారి చిరునామా ఒకదాని స్థానంలోకి మరొకటి వెళ్లినా చెక్‌సమ్ 5,256గానే ఉంటుంది. అలాగే 266 పొరపాటున 267 అయి, 532 అదే సమయంలో 531 అయితే తేడాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక వర్డు మొత్తం సున్నాల నుంచి మొత్తం ఒకట్లకు మారినా దీనికి తెలియదు, రెండూ సున్నాయే కదా. కావాలని ప్యాకెట్‌ను మార్చేవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. వాడు రౌటర్ చేసినట్టే చెక్‌సమ్‌నూ సవరించి పంపుతాడు. ఇది ప్రమాదవశాత్తు వచ్చే తప్పులకే కాపలా.

ఇంత బలహీనమైన కాపలా ఎందుకు, తీగల మీద ఈథర్నెట్ వాడే ముప్ఫై రెండు బిట్ల సీఆర్‌సీ ఉంది కదా అనిపించవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు 2000 సంవత్సరంలో వచ్చింది. జొనాథన్ స్టోన్, RFC 1071 రచయితల్లో ఒకరైన క్రెయిగ్ పార్ట్రిడ్జ్ కలిసి నిజమైన ఇంటర్నెట్ ప్యాకెట్లను సేకరించి చూశారు. లింకుల మీది సీఆర్‌సీ దాదాపు 400 కోట్ల తప్పుల్లో ఒక్కదాన్ని తప్ప అన్నిటినీ పట్టుకోవాలి. అయినా, సేకరణ చోటును బట్టి 1,100 ప్యాకెట్లలో ఒకటి మొదలు 32,000లో ఒకటి వరకు టీసీపీ చెక్‌సమ్ దగ్గర విఫలమవుతున్నట్టు వాళ్లు కనుగొన్నారు.

తప్పులు తీగ మీద కాదు, పెట్టెల లోపల పుడుతున్నాయి. రౌటర్‌లోకి వచ్చిన ఫ్రేమ్ సీఆర్‌సీని సరిచూసి తీసేస్తారు. ప్యాకెట్ కాసేపు మెమరీలో ఉంటుంది. అక్కడ ఒక చెడ్డ మెమరీ చిప్పో, సాఫ్ట్‌వేర్ లోపమో కొన్ని బైట్లను పాడుచేస్తే, బయటికి వెళ్లేటప్పుడు పాడైన బైట్ల మీదే సరికొత్త సీఆర్‌సీ వేస్తారు. తర్వాతి లింక్‌కు అంతా సక్రమంగానే కనిపిస్తుంది. టీసీపీ చెక్‌సమ్ అలా కాదు. అది హెడర్‌తో పాటు లోపలి సమాచారాన్నంతా, రెండు చివర్ల చిరునామాలను కూడా కలిపి మొదటి కంప్యూటరు వేసిన లెక్క. మధ్యలో ఎవరూ తాజాగా వేయరు. చిరునామాలు మార్చే యంత్రాలు కూడా తేడా మేరకు సవరిస్తాయే తప్ప మొత్తం కొత్తగా కట్టాల్సిన పని లేదు. అందుకే దారిలో పుట్టిన గాయం చివరిదాకా కనిపిస్తూనే ఉంటుంది. ఇన్నిటి తర్వాత కూడా 1.6 కోట్ల ప్యాకెట్లలో ఒకటి నుంచి 1,000 కోట్లలో ఒకటి వరకు ఎవరికీ చిక్కకుండా దాటిపోవచ్చని వాళ్ల అంచనా. పెద్ద ఫైళ్లతో పాటు విడిగా మరింత పొడవైన సరిచూపు సంఖ్య ఇవ్వడం అందుకే.

కూడిక సరిగ్గానే ఉన్నా, దాన్ని చూడటం మానేస్తే ఏమవుతుందో 2016లో వెలుగులోకి వచ్చిన ఒక లైనక్స్ లోపం చూపించింది. కంటైనర్లను నెట్‌వర్క్‌కు కలిపే veth అనే డ్రైవరు, బయటి నుంచి వచ్చిన ప్యాకెట్ల మీద ‘చెక్‌సమ్ ఇప్పటికే చూశాం’ అన్న ముద్ర వేసేది. నిజానికి ఎవరూ చూడని సందర్భాల్లోనూ వేసేది. అలాంటి ఏర్పాట్లలో చెడిన టీసీపీ ప్యాకెట్లు తిన్నగా అప్లికేషన్ల చేతికి చేరేవి. దిద్దుబాటు చేసినప్పుడు ఆ ముద్ర వేసే వరసలను తీసేశారు.

తన కంప్యూటరులో ఇలాంటివి జరుగుతున్నాయా అని చూసుకోవాలనుకునే లైనక్స్ వాడకందారుకు ఒక లెక్క సిద్ధంగా ఉంటుంది:

```
nstat -az TcpInCsumErrors
```

చెక్‌సమ్ తప్పి పారేసిన టీసీపీ ప్యాకెట్ల సంఖ్య ఇందులో కనిపిస్తుంది. సున్నా దగ్గరే ఉండాల్సిన ఈ సంఖ్య రోజురోజుకూ పెరుగుతుంటే దారిలో ఎక్కడో ఒక పెట్టె బైట్లను పాడుచేస్తోందని అనుమానించాలి. కేబుల్ మార్చినా అది ఆగకపోవచ్చు. ఎందుకంటే కేబుల్ తప్పులను సీఆర్‌సీ ముందే ఆపేస్తుంది.

వైర్‌షార్క్ లాంటి పరికరంతో ప్యాకెట్లను చూసే కొత్తవారికి మాత్రం ఒక భ్రమ ఎదురవుతుంది. తమ కంప్యూటరు పంపే ప్యాకెట్లలో చెక్‌సమ్ వరసగా తప్పుగా కనిపించవచ్చు. అది లోపం కాదు. నేటి నెట్‌వర్క్ కార్డులు ఈ కూడికను ప్రాసెసర్‌కు వదలకుండా తామే చేస్తాయి. వైర్‌షార్క్ ప్యాకెట్‌ను పట్టుకునేది కార్డుకు చేరకముందు, అంటే అసలు కూడిక ఇంకా పూర్తికాకముందు. అదే ప్యాకెట్‌ను అవతలి కంప్యూటరులో పట్టి చూస్తే చెక్‌సమ్ సరిగ్గా ఉంటుంది. అక్కడ కూడా తప్పుగా ఉంటే అప్పుడు మధ్యలోని రౌటర్లు, స్విచ్చుల మెమరీని ఒక్కొక్కటిగా పరీక్షించాలి.